హీటరు ఊగకుండా ఉండాలంటే: జ్యూరీ పరీక్షతో ఒక లెక్క

కోడిగుడ్లు పొదిగించే చిన్న ఇంక్యుబేటర్‌లో వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. పిల్లలు బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది. ఆ 21 రోజులూ వేడి అక్కడక్కడే ఉండాలి. రెండు మూడు డిగ్రీలు పైకి పోయి చాలాసేపు అలాగే ఉంటే గుడ్డులోని పిండానికి ప్రమాదం. అందుకే థర్మోకోల్ పెట్టెలో ఒక కాయిల్ హీటరు, ఒక సెన్సరు పెట్టి, రెండింటికీ మధ్య ఒక మైక్రోకంట్రోలర్‌ను కూర్చోబెడతారు. అది రెండు నిమిషాలకోసారి వేడి ఎంత ఉందో చూస్తుంది. తక్కువుంటే హీటరు పెంచుతుంది, ఎక్కువుంటే తగ్గిస్తుంది.

ఒక డిగ్రీ తేడా కనిపిస్తే హీటరును ఎంత మార్చాలి? దాన్ని నిర్ణయించేది ప్రోగ్రాములో మనం రాసే ఒకే ఒక అంకె. దాన్ని K అందాం. K మరీ చిన్నదైతే పెట్టె వేడెక్కడానికి పూటంతా పడుతుంది. K మరీ పెద్దదైతే ఇంకో చిక్కు వస్తుంది. వేడి 37.5 దాటి పైకి పోతుంది, హీటరు కట్టేస్తే బాగా కిందికి దిగిపోతుంది, మళ్లీ అంతకన్నా పైకి పోతుంది. ఈ ఊగిసలాట ఆగదు సరికదా, ప్రతిసారీ పెరుగుతుంది. మరి K ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉండవచ్చు?

ఒక్కొక్క అంకె పెట్టి చూడవచ్చు. గుడ్లు పెట్టాక చేసే పని కాదది. కంప్యూటరుకు లెక్క ఇచ్చినా, మనం చెప్పిన ఒక K కి జవాబు చెబుతుంది, ఇంకో K కి మళ్లీ అడగాలి. మనకు కావలసింది ఒక విలువకు జవాబు కాదు, మొత్తం హద్దు. K ని అంకెగా మార్చకుండా అక్షరంగానే ఉంచి, కాగితం మీద ఆ హద్దు తేల్చే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు జ్యూరీ పరీక్ష.

ఎలియాహు జ్యూరీ 1923లో బాగ్దాద్‌లో పుట్టారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, బర్క్‌లీలో చాలాకాలం పాఠాలు చెప్పారు. 2020లో కన్నుమూశారు. నిమిషానికోసారో సెకనుకోసారో కొలత తీసుకుని పనిచేసే యంత్రాల గణితం ఆయన జీవితకాల కృషి. బ్లాంచర్డ్‌తో కలిసి 1961లో ఆయన ప్రచురించిన పట్టికనే ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీల్లో చెబుతున్నారు. దాని వెనకున్న గణితం అంతకన్నా పాతది. షూర్ 1917లో, కోన్ 1922లో దీని మూలసూత్రాలు తేల్చారు. వాటిని విద్యార్థి చేతికి అందేంత తేలికైన పట్టికగా మార్చడం జ్యూరీ చేసిన మేలు.

కాలేజీలో ఈ పరీక్షను సాధారణంగా నాలుగు షరతుల జాబితాగా నేర్పుతారు. విద్యార్థులు వాటిని బట్టీపట్టి, పరీక్షలో రాసి, మరిచిపోతారు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ షరతుల్లో ప్రతిదీ పెట్టెలో జరిగే ఒక సంగతి గురించి చెబుతుంది. ఆ సంగతి తెలిస్తే షరతు మరిచిపోవడం కష్టం.

పెట్టె నుంచి బహుపదికి

ముందు మన పెట్టె ఎలా నడుస్తుందో రాసుకుందాం. చేత్తో లెక్క తేలిగ్గా సాగేలా అంకెలు ఎంచుకుంటున్నాను. హీటరును వాట్లలో కొలవకుండా, అది ఇలాగే ఉంటే పెట్టె చివరికి ఎన్ని డిగ్రీల దగ్గర ఆగుతుందో ఆ డిగ్రీల్లోనే కొలుద్దాం. దాన్ని u అందాం. పెట్టెలోని వేడి T. n అంటే ఎన్నో కొలత అని.

పెట్టె స్వభావం ఇది. ఒక కొలతకూ తర్వాతి కొలతకూ మధ్య ఉన్న రెండు నిమిషాల్లో, వేడి తాను చేరవలసిన చోటికి సగం దూరం నడుస్తుంది. అయితే కాయిల్ దగ్గర పుట్టిన వేడి గాలిలో సెన్సరు దాకా రావడానికి ఒక కొలత ఆలస్యమవుతుంది. కాబట్టి:

T[n+1] = 0.5 T[n] + 0.5 u[n−1]

కంట్రోలర్ స్వభావం ఇంకా సులువు. కావలసిన వేడికీ ఉన్న వేడికీ తేడాను e అందాం. కంట్రోలర్ ఆ తేడాను K తో గుణించి, ఇప్పుడున్న హీటరు విలువకు కలిపి, తర్వాతి కొలత నుంచి అమలుచేస్తుంది:

u[n+1] = u[n] + K e[n]

తేడా ఉన్నంతకాలం హీటరు మారుతూనే ఉంటుంది, తేడా సున్నా అయితేనే నిలుస్తుంది. 37.5 దగ్గర కచ్చితంగా నిలవాలంటే ఇలాంటి కూడుకుంటూ పోయే కంట్రోలరే కావాలి.

ఈ రెండు సమీకరణాలనూ కలిపి u ని తీసేస్తే, తేడా గురించి ఒకే ఒక్క నియమం మిగులుతుంది:

e[n+1] = 1.5 e[n] − 0.5 e[n−1] − 0.5K e[n−2]

అంటే గత మూడు కొలతల్లోని తేడాలు తెలిస్తే తర్వాతి తేడా చెప్పేయవచ్చు. పెట్టె కథంతా ఈ ఒక్క వరుసలో ఉంది. 0.5K అని ప్రతిసారీ రాయడం ఎందుకని, దాన్ని c అందాం.

ఇప్పుడు e[n] అనేది z అనే ఏదో సంఖ్యకు n వ ఘాతమైతే ఎలా ఉంటుందని అడిగితే, ఆ z ఈ సమీకరణాన్ని తీర్చాలి:

P(z) = z³ − 1.5z² + 0.5z + c = 0

ఇంజినీర్లు మొత్తం వ్యవస్థకు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ రాసినప్పుడు హారంలో వచ్చేది ఈ బహుపదే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హారం అంటే పెట్టెకు మాత్రమే, లేదా కంట్రోలరుకు మాత్రమే రాసిన హారం కాదు. సెన్సరు చూసింది తిరిగి హీటరుకు చేరాక, వలయం మూసుకున్నాక వచ్చే హారం. పెట్టెకూ కంట్రోలరుకూ విడివిడిగా ఉన్న హారాల లబ్ధం z(z−1)(z−0.5). దానికి c కలిస్తేనే P(z) అవుతుంది. ఆ c ని మరిచి లెక్క మొదలుపెడితే ఆ లెక్కలో K ఉండనే ఉండదు. అలా జరిగితే తప్పు అక్కడే పట్టుబడుతుంది.

P(z) కి మూడు మూలాలు ఉంటాయి. తేడా ఎప్పుడూ ఈ మూడింటి ఘాతాల కలయికే. ఒక మూలం 0.8 అయితే దాని వాటా 0.8, 0.64, 0.512 అంటూ కరిగిపోతుంది. 1.1 అయితే పెరిగిపోతుంది. మూలాలు సంకీర్ణ సంఖ్యలైతే జంటగా వస్తాయి, వాటి వాటా పైకీ కిందికీ ఊగే అలలా కనిపిస్తుంది. ఆ అల కరుగుతుందా పెరుగుతుందా అన్నది వాటి పరిమాణం 1 కన్నా తక్కువా ఎక్కువా అన్నదాని మీదే ఆధారపడుతుంది. అందుకే నియమం ఇది: మూడు మూలాలూ సంకీర్ణ తలంలో 1 వ్యాసార్ధంతో గీసిన వృత్తం లోపలే ఉండాలి. ఒక్కటి బయటికి పోయినా పెట్టె అదుపు తప్పినట్టే.

బయటికి పోయే గుమ్మాలు

K ని మెల్లగా మారుస్తూ పోతే మూలాలు కూడా మెల్లగా జరుగుతాయి, గెంతవు. కాబట్టి లోపలున్న మూలం బయటికి పోవాలంటే వృత్తం గీతను దాటే పోవాలి. ఆ దాటడానికి మూడే గుమ్మాలు ఉన్నాయి. ఒంటరి మూలమైతే కుడివైపు z = 1 దగ్గర దాటాలి, లేదా ఎడమవైపు z = −1 దగ్గర దాటాలి. జంట మూలాలైతే గీత మీద పైనొకటి, కింద ఒకటి, ఒకేసారి దాటాలి. జ్యూరీ షరతులు ఈ గుమ్మాల దగ్గరి కాపలా.

మొదటి షరతు P(1) > 0. మన లెక్కలో

P(1) = 1 − 1.5 + 0.5 + c = c

కాబట్టి c సున్నా కన్నా పెద్దది కావాలి, అంటే K కూడా. K సున్నా అయితే హీటరు ఎన్నటికీ మారదు, తేడా ఎంతుంటే అంతే ఉండిపోతుంది. K రుణాత్మకమైతే వేడి తక్కువున్నప్పుడు హీటరును ఇంకా తగ్గిస్తుంది. సెన్సరు తీగలు తారుమారై గుర్తు తిరగబడితే జరిగేది ఇదే. అప్పుడు వేడి ఊగదు. ఒకే దిక్కుకు జారిపోతుంది. కుడి గుమ్మం దాటిన వ్యవస్థకు అదే ఆనవాలు.

రెండో షరతు ఎడమ గుమ్మానిది. బహుపది ఘాతం బేసి సంఖ్య అయితే P(−1) సున్నా కన్నా చిన్నది కావాలి, సరి సంఖ్య అయితే పెద్దది కావాలి. మనది మూడో ఘాతం కాబట్టి

P(−1) = −1 − 1.5 − 0.5 + c = c − 3

ఇది సున్నా కన్నా చిన్నది కావాలంటే c < 3. విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ఈ గుర్తు దగ్గరే. రెండో ఘాతం లెక్కలు చేసిన అలవాటులో P(−1) > 0 అని రాసేస్తే c > 3 అని వస్తుంది. తర్వాతి షరతుతో అది కుదరదు కాబట్టి ఏ K కీ వ్యవస్థ నిలవదన్న తప్పుడు జవాబు తేలుతుంది. ఈ గుమ్మం దాటితే తేడా ఒక కొలతకు పైన, మరుసటి కొలతకు కింద, ఇలా కొలతకోసారి గుర్తు మార్చుకుంటుంది. మన పెట్టెలో ఆ ప్రమాదం చాలా దూరంలో ఉంది.

మూడో షరతు: చివరి స్థిర పదం పరిమాణం మొదటి గుణకం కన్నా తక్కువ ఉండాలి. అంటే |c| < 1. ఇది ఏ గుమ్మానికీ సొంతం కాదు. మూడు మూలాలనూ గుణిస్తే పరిమాణంలో వచ్చేది c. మూడూ 1 కన్నా చిన్నవైతే లబ్ధం కూడా 1 కన్నా చిన్నదే కావాలి కదా. అయితే దీన్ని తిరగేసి చదవకూడదు. లబ్ధం చిన్నదైనంత మాత్రాన మూడూ చిన్నవని కాదు. ఒకటి చాలా చిన్నదై, మిగతా రెండూ 1 దాటి ఉండవచ్చు.

ఇక్కడిదాకా వచ్చిన మూడు షరతులనూ కలిపితే 0 < c < 1, అంటే K సున్నా నుంచి 2 వరకు. ఇవన్నీ పట్టిక వేయకుండానే, బహుపదిని చూస్తూ రాసేవి. చాలామంది ఇక్కడే కలం పెట్టేస్తారు. మరి K = 0.8 పెట్టి చూద్దాం. మూడు షరతులూ దానికి సరేనంటున్నాయి.

పెట్టె 27.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉందనుకోండి. దాన్ని 37.5 కి పెంచమని చెప్పాం. తేడా 10. ఆలస్యాల వల్ల మొదటి మూడు కొలతల్లోనూ అది 10 గానే కనిపిస్తుంది. ఆ తర్వాత మన నియమం ప్రకారం 6, 0, −7, −12.9, −15.85. అంటే వేడి 53 డిగ్రీలు దాటింది. అక్కడి నుంచి వెనక్కు తిరిగి −14.5, −8.7, 0.5, 11, 19.7, 23.8. మొదట 10 డిగ్రీలున్న తేడా 15.85 అయింది, ఇప్పుడు 23.8. షరతులు మూడూ నెగ్గిన K తో పెట్టె ఇలా తయారైంది. ఎక్సెల్ ఉన్నవారు ఇది స్వయంగా చూడవచ్చు. A1, A2, A3 గడుల్లో 10 వేసి, A4 లో కింది సూత్రం రాసి కిందికి లాగితే చాలు.

```
=1.5*A3-0.5*A2-0.4*A1
```

ఏ గుమ్మం గుండా పోయింది? కుడివైపు కాదు, ఎడమవైపు కాదు. జంటగా పోయాయి. ఆ గుమ్మం మీద ఇంతవరకు కాపలా లేదు. జ్యూరీ పట్టిక అవసరం ఇక్కడే.

మూడు వరుసల పట్టిక

పట్టిక మొదటి వరుసలో గుణకాలను చిన్న ఘాతం నుంచి పెద్ద ఘాతం వైపు రాయాలి. రెండో వరుసలో వాటినే తిరగేసి రాయాలి.

c, 0.5, −1.5, 1
1, −1.5, 0.5, c

మూడో వరుస ఈ రెండింటి నుంచి పుడుతుంది. మొదటి నిలువు వరుసను ఒకవైపు ఉంచుకుని, కుడి చివర నుంచి ఒక్కొక్క నిలువు వరుసనూ దాని పక్కన పెట్టి, అడ్డంగా గుణించి తీసివేయాలి. చివరి నిలువు వరుసతో:

b₀ = c·c − 1·1 = c² − 1

దాని ముందున్నదానితో:

b₁ = c·(0.5) − 1·(−1.5) = 0.5c + 1.5

దానికీ ముందున్నదానితో:

b₂ = c·(−1.5) − 1·(0.5) = −1.5c − 0.5

మూడో ఘాతానికి పట్టిక ఇక్కడితో సరి. నాలుగో ఘాతమైతే ఇంకా రెండు వరుసలు వేయాలి. నాలుగో షరతు ఈ మూడో వరుసలోని మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య ఉంటుంది: పరిమాణంలో మొదటిది పెద్దది కావాలి.

|c² − 1| > |−1.5c − 0.5|

మధ్యలో ఉన్న b₁ ఈ షరతులో రాదు. మూడో ఘాతానికి దాన్ని లెక్కించకపోయినా నష్టం లేదు.

ఈ షరతు జంట గుమ్మాన్ని ఎలా కాపలా కాస్తుందో చూడడం నాకు చాలా ఇష్టమైన భాగం. జంట మూలాలు సరిగ్గా గీత మీద ఉన్నాయనుకోండి. అప్పుడు వాటి లబ్ధం 1. మూడు మూలాల లబ్ధానికి పరిమాణం c కాబట్టి మూడో మూలం −c కాక తప్పదు. అలాంటి బహుపది (z + c)(z² − mz + 1) రూపంలో ఉంటుంది, m అనేది ఊపు వేగాన్ని బట్టి ఉండే సంఖ్య. దీన్ని విప్పితే z² గుణకం c − m, z గుణకం 1 − cm. వాటితో b₂ లెక్కించండి:

c(c − m) − (1 − cm) = c² − 1

m ఎగిరిపోయింది. b₂ సరిగ్గా b₀ అయింది. అంటే జంట మూలాలు గీత మీద ఎక్కడ నిలబడినా, ఏ వేగంతో ఊగినా, పట్టికలో మొదటి అంకె, చివరి అంకె సమానమవుతాయి. ఆ సమానత్వమే గుమ్మం. మొదటిది పెద్దదిగా ఉన్నంతకాలం జంట లోపలే ఉంది.

ఇక అసమీకరణాన్ని విప్పుదాం. పరమ మూల్యం గుర్తులు చూసి బెదరనక్కర్లేదు, c సున్నాకూ 1 కీ మధ్య ఉందని ముందే తేలింది. ఆ మధ్యలో c² − 1 రుణాత్మకం, దాని పరిమాణం 1 − c². −1.5c − 0.5 కూడా రుణాత్మకమే, దాని పరిమాణం 1.5c + 0.5. కాబట్టి

1 − c² > 1.5c + 0.5
c² + 1.5c − 0.5 < 0

వర్గ సమీకరణం సూత్రంతో హద్దు (−1.5 + √4.25) / 2, అంటే 0.2808. c అంతకన్నా తక్కువ ఉండాలి. c అంటే 0.5K కనుక

0 < K < 0.5616

ఇదీ జవాబు. మొదటి మూడు షరతులు 2 వరకు పోనిచ్చాయి, నాలుగోది దాన్ని 0.56 దగ్గర ఆపింది. 0.8 ఎందుకు చెడిందో ఇప్పుడు తెలుస్తుంది. c = 0.4 కి ఎడమవైపు 0.84, కుడివైపు 1.1. షరతు తప్పింది.

హద్దు చెప్పే ఇంకో సంగతి

సరిగ్గా హద్దు మీద పెట్టె ఎలా ప్రవర్తిస్తుందో కూడా ఈ లెక్కలోనే ఉంది. అక్కడ c − m = −1.5 కాబట్టి m = 1.7808. గీత మీద ఉన్న జంటకు m అంటే కోణం కొసైన్‌కు రెట్టింపు, కాబట్టి కోణం సుమారు 27 డిగ్రీలు. 360 డిగ్రీలు తిరగడానికి 13.3 కొలతలు పడుతుంది. రెండు నిమిషాలకో కొలత కనుక, దాదాపు 27 నిమిషాలకు ఒక అల.

దీని ఉపయోగం లెక్క కన్నా పెట్టె దగ్గరే ఎక్కువ. నిజమైన హీటరు సున్నా కన్నా తగ్గదు, పూర్తిగా ఆన్ అయ్యాక ఇంకా పెరగదు. కాబట్టి K ఎక్కువైనా వేడి మన లెక్కలోలాగా అంతులేకుండా పెరిగిపోదు. హీటరు కాసేపు పూర్తిగా ఆన్, కాసేపు పూర్తిగా ఆఫ్ అవుతూ, పెద్ద అల ఒకటి ఆగకుండా సాగుతుంది. చూసేవారికి సెన్సరు చెడిందేమో అనిపిస్తుంది. సెన్సరు మార్చినా అల పోదు. అప్పుడు అల పొడవు చూడండి. అరగంటకు కాస్త అటూ ఇటూగా ఒక క్రమంలో వస్తుంటే అది జంట గుమ్మం పని, K ని సగం చేస్తే తగ్గిపోతుంది. కొలతకోసారి పైకీ కిందికీ దూకుతుంటే అది ఈ కథ కాదు, వైరింగులో మరేదో ఉంది.

మరి K = 0.5 పెట్టుకోవచ్చా? పరిధిలోనే ఉంది కదా. అంగీకరించకూడదని నా అభిప్రాయం. కాయిల్ హీటరు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. రాత్రివేళ లోడు తగ్గి వోల్టేజి 230 నుంచి 253 కి పెరిగిందనుకోండి, అంటే పది శాతం. హీటరు బలం 1.1 × 1.1, అంటే 1.21 రెట్లవుతుంది. ప్రోగ్రాములో K 0.5 గానే ఉన్నా, పెట్టెకు అది 0.605 లాగా పనిచేస్తుంది. హద్దు 0.5616. పగలంతా బుద్ధిగా ఉన్న పెట్టె అర్ధరాత్రి ఊగడం మొదలుపెడుతుంది. జ్యూరీ పరీక్ష నిలుస్తుందా నిలవదా అన్నంతవరకే చెబుతుంది, ఎంత హాయిగా నిలుస్తుందో చెప్పదు. హద్దుకు దగ్గరగా ఉన్న K తో ఊపు కరుగుతుంది గానీ చాలాసేపు పడుతుంది.

K = 0.2 తో ఇదే పది డిగ్రీల పరీక్ష చేస్తే, తేడా 10, 10, 10 తర్వాత 9, 7.5, 5.75, 4, 2.3, 0.9 అంటూ తగ్గుతుంది. తర్వాత వేడి 37.5 ని దాటుతుంది, కానీ 1.7 డిగ్రీలకు మించి పైకి పోదు. అక్కడి నుంచి మెల్లగా దిగి, మొదలుపెట్టిన గంట తర్వాత డిగ్రీలో పదో వంతు అటూ ఇటూ దగ్గరికి వస్తుంది. వోల్టేజి పెరిగి K 0.242 లాగా పనిచేసినా హద్దుకు సగం కూడా చేరదు. అలాగని 0.02 కి దిగిపోకూడదు. అప్పుడు తేడా కొలతకు రెండు శాతం చొప్పునే తగ్గుతుంది, సగమవడానికే గంట దాటుతుంది. తలుపు తీసి గుడ్లు తిప్పిన ప్రతిసారీ అంతసేపు ఎదురుచూడాలి.

ఇంకో అనుమానం మిగిలింది. పెట్టె రెండు నిమిషాల్లో సరిగ్గా సగం దూరమే నడుస్తుందని మనం అనుకున్నాం. అది సరిగ్గా తెలియకపోతే? 0.5 బదులు a అని అక్షరం పెట్టి, 1 − a వంతు దూరం నడుస్తుందనుకుని, అదే పట్టిక వేయవచ్చు. బహుపది z(z−1)(z−a) + c, ఇందులో c = (1−a)K. నాలుగో షరతు

c² + (1+a)c − (1−a) < 0

అవుతుంది. a సున్నా అయితే, అంటే పెట్టె చెప్పగానే వేడెక్కిపోయేదైతే, K హద్దు 0.618. గణితం ఇష్టపడేవారు ఈ అంకెను వెంటనే గుర్తుపడతారు, స్వర్ణ నిష్పత్తికి విలోమం అది. a పెరుగుతూ 1 కి దగ్గరయ్యేకొద్దీ, అంటే పెట్టె మందకొడిగా మారేకొద్దీ, హద్దు తగ్గుతూ 0.5 వైపు పోతుంది, కానీ దాన్ని దాటి కిందికి రాదు. K స్థానంలో 0.5 పెట్టి చూస్తే ఎడమవైపు విలువ −(1−a)²/4 అవుతుంది, అది ఎప్పుడూ రుణాత్మకమే. కాబట్టి ఆలస్యం ఇంతే ఉండి, హీటరు బలం సరిగ్గా తెలిసి ఉంటే, పెట్టె వేగం ఏదైనా K = 0.5 దాకా వ్యవస్థ నిలుస్తుంది. ఒక్కో K కి మూలాలు వెతుక్కుంటూ పోతే ఇలాంటి హామీ దొరకదు, అక్షరాలను అక్షరాలుగానే ఉంచే పట్టికలో దొరుకుతుంది.

ఈ హామీ ఆలస్యం మీద మాత్రం గట్టిగా ఆధారపడి ఉంది. సెన్సరును కాయిల్‌కు దూరంగా జరిపి, వేడి చేరడానికి ఇంకో కొలత ఆలస్యమైతే బహుపది నాలుగో ఘాతానికి పోతుంది, పట్టిక మళ్లీ వేయాలి, హద్దు ఇంకా తగ్గుతుంది. పెట్టెలో చిన్న ఫ్యాను పెట్టి గాలి తిప్పడం K ని సర్దుబాటు చేయడం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే అది ఆలస్యాన్నే తగ్గిస్తుంది.

ఈ లెక్కను సొంతంగా చేసి చూడాలనుకునేవారు a = 0.8 తీసుకోండి. బహుపది z³ − 1.8z² + 0.8z + c, ఇందులో c = 0.2K. నాలుగు షరతులూ రాసి, పట్టిక వేసి, K హద్దు 0.525 వచ్చిందో లేదో చూసుకోండి.